మెంతికూర వెళ్ళి మామిడికాయ వచ్చే వేళ

గుంటూరులో మాది చిన్న భోజన హోటల్. మధ్యాహ్నం పూట నూటయాభై భోజనాలు లేస్తాయి. వాటి పక్కన విడిగా డబ్బిచ్చి తెప్పించుకునే స్పెషల్స్ పద్నాలుగు. ఏడాదికి మూడుసార్లు మెనూ మారుస్తాం: ఉగాది దాటాక ఒకసారి, మృగశిర కార్తెకి ఒకసారి, కార్తీక మాసం వెళ్ళాక ఒకసారి. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న ఇన్నేళ్ళలో ఈ మార్పు గురించి విన్న మాటల్లో సగం తప్పులే. అందులో కొన్ని నేనే నమ్మి డబ్బు పోగొట్టుకున్నవి. ఒక్క వేసవి మార్పు తీసుకుని వాటి సంగతి చూద్దాం. ఆ ఏడాది ఉగాదికి మెంతికూర చికెన్ తీసేసి మామిడికాయ రొయ్యల ఇగురు పెట్టాం. కింద చెప్పే ధరలు ఆ రోజుల్లో మాకు దొరికినవి. మీ ఊళ్ళో వేరుగా ఉంటాయి, లెక్క వేసే తీరు మాత్రం ఇదే.

అపోహ: తక్కువ అమ్ముడుపోయే వంటకాన్ని తీసేస్తే పోయేదేమీ ఉండదు.

వాస్తవం: ముందు ‘తక్కువ’ అంటే ఎంతో తేల్చుకోవాలి. అమెరికాలో కాసవానా, స్మిత్ అనే ఇద్దరు 1982లో ఒక లెక్క చెప్పారు. హోటల్ నిర్వహణ చదివేవాళ్ళు ఇప్పటికీ అదే నేర్చుకుంటారు. పద్నాలుగు వంటకాలూ సమానంగా అమ్ముడుపోతే ఒక్కొక్కదాని వాటా నూటికి ఏడు. ఆ ఏడులో డెబ్బై శాతం, అంటే నూటికి ఐదు వరకైనా అమ్ముడుపోతే ఆ వంటకానికి ఆదరణ ఉన్నట్టు. అంతకన్నా తగ్గితే ఆలోచించాలి. ఫిబ్రవరిలో మేం మూడు వేల ప్లేట్ల స్పెషల్స్ అమ్మితే అందులో మెంతికూర చికెన్ 126. నూటికి నాలుగు చిల్లర. అంటే గీత కింద ఉంది.

ఈ లెక్క ఏ నెలదో చూసుకోవడం కూడా ముఖ్యమే. మన దగ్గర ఆకలికి ఎండావానల పంచాంగం ఒకటే కాదు, తిథుల పంచాంగం కూడా ఉంది. కార్తీకంలో మాంసం మానేసేవాళ్ళు, అయ్యప్ప దీక్షలో ఉన్నవాళ్ళు మా దగ్గర తక్కువేం కాదు. నవంబరు బిల్లులు ముందేసుకుని కోడికూరకు ఆదరణ లేదని తీర్పు చెబితే ఆ తప్పు కూరది కాదు. అందుకే ఫిబ్రవరి చూశాను.

అప్పటికీ ఆగి రెండు వారాల బిల్లులు చేత్తో తిరగేశాను. ఆ పద్నాలుగు రోజుల్లో అరవై ప్లేట్లు వెళ్తే, ముప్పై ఎనిమిది ఆరు కుటుంబాలవే. ఒక్క ప్లేటు మెంతికూర తెప్పించుకునే ఆ బల్ల మీద మరో మూడు భోజనాలు, ఒక చేప వేపుడు, ఒక్కోసారి ఇంటికి పార్సిల్ కూడా ఉంటాయి. ఈ వంటకం నూటికి నాలుగే కావచ్చు, దాన్ని వెదుక్కుంటూ వచ్చే బల్లల బిల్లు అంతకు చాలా ఎక్కువ. ‘ఎన్ని ప్లేట్లు’ అన్న అంకె పక్కన ‘ఎవరి ప్లేట్లు’ అని కూడా రాసుకోకపోతే సగం సంగతే తెలిసినట్టు.

అలాగని ఉంచేద్దామా? మెంతికూర చలికాలపు పంట. ఎండ ముదిరేకొద్దీ మొక్క తొందరగా పూతకొస్తుంది, ఆకు చిన్నదై చేదెక్కుతుంది, ధర రెట్టింపవుతుంది. పైగా మా వంటింట్లో మెంతికూర వాడేది ఆ ఒక్క కూరలోనే. అలాంటిదాన్ని నేను ఒంటరి సరుకు అంటాను. నాలుగు ప్లేట్ల కోసం కట్టలు తెస్తాం, మధ్యాహ్నానికి మిగిలినవి వాడిపోతాయి. ఆ వాడిన ఆకు ఖర్చు ఎవరి బిల్లులోనూ పడదు, మా జేబులోంచే పోతుంది. మెంతి పప్పో మెంతి పరాటాయో ఉండే హోటలైతే ఈ చిక్కు ఉండదు, ఇక్కడ మిగిలింది అక్కడ కలుస్తుంది. మాకు ఆ దారి లేదు కాబట్టి తీసేద్దామనే అనుకున్నాం. ఎలా తీశామో చివర్లో చెబుతాను.

అపోహ: సరుకు ఖర్చు శాతం తక్కువగా ఉన్న వంటకమే లాభం.

వాస్తవం: శాతాన్ని బ్యాంకులో వెయ్యలేం, రూపాయిలనే వెయ్యగలం. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపిస్తాను.

రొయ్యలు మాకు 50 కౌంటువి వస్తాయి, అంటే కిలోకి యాభై. తలతో కిలో 380. చాలామంది ఇక్కడే జారతారు, 380ని పదితో భాగించి వంద గ్రాములు 38 అని రాసేసుకుంటారు. తలా తొక్కా తీసి, నరం లాగి, కడిగి, నీళ్ళు వార్చి మళ్ళీ తూచండి. మాకు మూడు రోజులు తూస్తే సగటున 550 గ్రాములు నిలిచింది. అంటే ఒలిచిన రొయ్య కిలో 380 కాదు, 690. తూకం మూడు రోజులు ఎందుకంటే, ఐసు నీళ్ళలో ఎక్కువసేపు నానిన సరుకు బరువెక్కి వస్తుంది. ఒక్కరోజు తూకాన్ని నమ్మితే ఆ నీళ్ళకు కూడా రొయ్య ధర కట్టినట్టే.

ప్లేటుకు ఒలిచిన రొయ్య 100 గ్రాములు, 69 రూపాయిలు. లెక్కకు తొమ్మిది రొయ్యలు. తినేవాళ్ళు లెక్కపెడతారు, నమ్మండి. మామిడికాయ తొక్కా టెంకా పోగా 40 గ్రాములు, 4 రూపాయిలు. ఉల్లిపాయ 2, నూనె 4, కారం, అల్లం వెల్లుల్లి, మసాలా, కొత్తిమీర కలిపి 6. మొత్తం 85. ఒలికేది, మాడేది, తిరిగి వచ్చేది కలిపి నూటికి ఐదు వేసుకుంటే 89. దాన్ని 220కి అమ్మితే సరుకు ఖర్చు నలభై శాతం చిల్లర, చేతిలో మిగిలేది 131.

వేసవి ధరల్లో మెంతికూర చికెన్ లెక్క ఇలా ఉంటుంది: కోడి 150 గ్రాములు 36, ఒలిచిన ఆకు 16, మిగతావన్నీ 12, పైన నూటికి ఐదు. మొత్తం 67. అమ్మేది 180కి. ఖర్చు ముప్పై ఏడు శాతం, మిగిలేది 113. శాతం చూసేవాడు మెంతికూరను ఉంచుతాడు. గల్లాపెట్టె చూసేవాడు ప్లేటుకు పద్దెనిమిది రూపాయిలు ఎక్కువ ఇచ్చే రొయ్యను తెస్తాడు.

ఈ లెక్కలో అద్దె, జీతాలు, గ్యాసు లేవు. అవి ప్లేటుకు మిగిలినదాంట్లోంచే రావాలి. ఇంకో మాట, బిల్లు మీద 5 శాతం జీఎస్టీ వసూలుచేసి కట్టే మాలాంటి హోటళ్ళకు సరుకుల మీద మేం కట్టిన పన్ను తిరిగి రాదు. కాబట్టి నూనె ధరైనా పెద్ద సిలిండర్ ధరైనా పన్నుతో కలిపే రాసుకోవాలి. మా అకౌంటెంటు చెప్పేదాకా నేను పన్ను తీసేసి రాసేవాణ్ణి.

రొయ్య ధర నిలకడగా ఉండదు కనుక, మొదలుపెట్టకముందే ఒక ఆపుడు ధర రాసుకున్నాం. ఏ ధర దగ్గర ఇగురు మిగులు మెంతికూర మిగులుకు దిగిపోతుంది? వెనక్కి లెక్కేస్తే తలతో కిలో 470 దగ్గర. ఆ ధర దాటి మూడు రోజులుంటే ఇగురు ఆపేయాలని, బోర్డు మీద చెరిపేయాలని వంట మాస్టర్‌కీ నాకూ ఒప్పందం. రద్దీ మధ్యలో ఇలాంటి నిర్ణయాలు తీసుకుంటే ఎప్పుడూ ‘ఇవాళ్టికి కానీ’ అనే అంటాం. అప్పుడు రొయ్య సైజు తగ్గించడమో, తొమ్మిది ఏడు కావడమో జరుగుతుంది. అంతకన్నా ఆపడమే మేలు.

అపోహ: ఇంట్లో నలుగురికి నచ్చితే రుచి పరీక్ష అయినట్టే.

వాస్తవం: ఇంట్లోవాళ్ళు చెంచాతో రుచి చూస్తారు. కస్టమరు అన్నంలో కలుపుకుని ప్లేటంతా తింటాడు. చెంచాకు అదిరిపోయిన పులుపు పదో ముద్దకు పళ్ళు జివ్వుమనిపిస్తుంది. కాబట్టి పరీక్షకు కూర్చున్నవాడు అన్నంతో, ప్లేటు ఖాళీ అయ్యేదాకా తినాలి. ఇది మొదటిది.

రెండోది, నలుగురికి వండింది నలభైమందికి పదిరెట్లు కాదు. ఉప్పు దాదాపు పదిరెట్లే పడుతుంది కానీ నీళ్ళు పట్టవు. పెద్ద గిన్నెలో కూర ఎక్కువ, ఆవిరయ్యే పైభాగం తక్కువ. పదిరెట్లు నీళ్ళు పోస్తే ఇగురు కాస్తా పులుసవుతుంది, దాన్ని ఇగిర్చేలోపు రొయ్య రబ్బరవుతుంది. మా మొదటి గుండిగ అచ్చం అలాగే పోయింది. సిబ్బంది ఆ మధ్యాహ్నం మాట్లాడకుండా నములుతూ కూర్చున్నారు.

మూడో పరీక్ష, నిలవ. పన్నెండింటికి వండింది రెండున్నరకు ఎలా ఉంది? వేడి మీద ఉంచిన మామిడి ముక్క రెండు గంటల్లో గుజ్జయిపోయి పులుపంతా రసంలోకి దిగింది, రొయ్య బిగిసింది. దాంతో పద్ధతే మార్చుకున్నాం. ఉల్లిపాయ, మసాలా వేయించి ముందే పెట్టుకోవడం, ఆర్డరు వచ్చాక చిన్న మూకుడులో రొయ్య, మామిడి వేసి దించడం. రుచి నిలిచింది కానీ ఒక పొయ్యి రద్దీ వేళ పూర్తిగా దానికే పోయింది. చేతిలో మిగిలే 131లో ఈ పొయ్యి సంగతి కనపడదు. మాకు ఒంటిగంట నుంచి రెండు దాకా గంటకు పది ప్లేట్లు మించి తియ్యలేమని తేలింది, అందుకే అంతకు మించి ఆర్డరు తీసుకోవద్దని సర్వర్లకు చెప్పాం.

నాలుగోది అసలు కాయ. మార్చిలో జీడి ముదరని లేత కాయ వేరు, మే నెలాఖరు కాయ వేరు. కలెక్టరు కాయ పులుపు మొదటినుంచీ తక్కువే, నాటు కాయ ఒక్కోటి ఒక్కోలా ఉంటుంది. ‘ప్లేటుకు నలభై గ్రాములు’ అన్నది ధర కట్టడానికి పనికొచ్చే అంకె, వండడానికి కాదు. మాస్టర్ రోజూ పొద్దున కాయ కోసి ముక్క నోట్లో వేసుకుని ఆ రోజు కొలత చెబుతాడు. కోసినప్పుడు టెంక చుట్టూ పసుపు తిరిగిందంటే అరవై గ్రాములు వేసినా పులుపు చాలదు, కూర తియ్యబడుతుంది. ఆ రోజు నుంచి ఇగురు వెళ్ళిపోవాలి. చింతపండు పిండి అదే పేరుతో అమ్మడం సులువే, అమ్మే చోట్లు ఉన్నాయి కూడా. రెగ్యులర్ మొదటి ముద్దలో పట్టేస్తాడు.

ఇక కస్టమర్ల మీద పరీక్ష. ఉచితంగా గిన్నెలో వడ్డించి ‘ఎలా ఉందండీ?’ అంటే మనవాళ్ళు ‘బాగుంది’ తప్ప ఇంకో మాట అనరు. ఊరికే పెట్టినవాణ్ణి ఎవరు చిన్నబుచ్చుతారు? అందుకే వారంలో మూడు రోజులు, రోజుకు పది ప్లేట్లు, పూర్తి ధరకు బోర్డు మీద ‘నేటి స్పెషల్’ అని రాసి అమ్మాం. రెండు సంగతులే రాసుకున్నాం: తిరిగొచ్చిన గిన్నెలో ఏం మిగిలింది, తిన్నవాడు మరుసటి వారం మళ్ళీ అడిగాడా. మొదటి వారం గిన్నెల్లో మామిడి ముక్కలు మిగిలాయి, రొయ్యలు మిగల్లేదు. ముక్క పెద్దదైందని అర్థమైంది. చిన్నగా తరిగాక గిన్నెలు ఖాళీగా వచ్చాయి.

అపోహ: భోజనంలో పప్పు మారితే ఖర్చేం మారదు, పప్పు పప్పే కదా.

వాస్తవం: ఇది నన్ను అన్నిటికన్నా ఎక్కువగా దెబ్బతీసిన నమ్మకం. వేసవి మెనూలో భోజనంలోకి టమాటా పప్పు బదులు మామిడికాయ పప్పు తెచ్చాం. కిలో పప్పుకు పడే మామిడికాయ ఖర్చు టమాటా కన్నా ఏమంత ఎక్కువ కాదు. కాగితం మీద భోజనం ధర పైసా కూడా మారలేదు. నెల తిరిగేసరికి బియ్యం బస్తాలు ముందే అయిపోతున్నాయి. ఎవరైనా ఎత్తుకెళ్తున్నారేమోనని కూడా అనుమానం వచ్చింది. సిగ్గుపడుతూనే చెబుతున్నాను.

ఎత్తుకెళ్ళింది మామిడికాయ పప్పే. అడిగినంత వడ్డించే భోజనంలో వంటకం ఎంత బాగుంటే అంత అన్నం లాగుతుంది. రోజూ దించిన బియ్యం, వేసిన కందిపప్పు తూచి, లేచిన భోజనాలతో భాగించాం. మామూలు రోజు వంద భోజనాలకు బియ్యం ఇరవై రెండు కిలోలు, మామిడికాయ పప్పు రోజు ఇరవై ఐదు. కందిపప్పు నాలుగు కిలోలు కాస్తా ఐదుంపావు. అప్పటి ధరల్లో భోజనానికి మూడున్నర రూపాయిలు పెరిగింది. నూటయాభై భోజనాలకు రోజుకు ఐదొందల పైమాటే. నెయ్యి ఇంకా కలపలేదు.

వంటకాల వారీగా ధర కట్టే పద్ధతిలో ఈ ఖర్చు ఎక్కడా దొరకదు. ప్లేటుకింత అని కొలిచి ఇచ్చే చోట వంటకానికి ధర కట్టాలి, అడిగినంత పెట్టే చోట రోజుకు ధర కట్టాలి. ఇది తెలిశాక చేసిన మొదటి పని తప్పుడు పని. గరిటె చిన్నది చేశాం. ‘ఏం బాబూ, పప్పు కరువొచ్చిందా?’ అని ఒక పెద్దాయన నలుగురికీ వినపడేలా అడిగారు. ఆ సాయంత్రమే పాత గరిటె తిరిగొచ్చింది.

తర్వాత మామిడికాయ పప్పును వారానికి మూడు రోజులకు కట్టాం, ఆ రోజులు బోర్డు మీద రాశాం. ఆ రోజు పులుపు మీద పులుపు పడకుండా గోంగూర పచ్చడి బదులు కందిపొడి, చారు బదులు మజ్జిగ పులుసు. అంతకుముందు పప్పూ గోంగూరా చారూ మూడూ పుల్లగానే ఉండేవి, ఒక్కోదానికీ ఒక్కో విడత అన్నం వెళ్ళేది. ఆ మూడు రోజుల్లోనూ బియ్యం ఇరవై మూడున్నర దగ్గర నిలిచింది. మిగతా ఖర్చు మేమే భరిస్తాం. ఎందుకంటే ఆ మూడు రోజులూ భోజనాలు నూటయాభై దాటి లేస్తాయి.

అపోహ: చెప్పకుండా తీసేస్తే ఎవరూ గమనించరు. చెబితే గొడవ.

వాస్తవం: గొడవ అయ్యేది కార్డులో ఉన్నది లేదన్నప్పుడు. ఆకలి మీద కూర్చుని, మనసులో ఒకటి అనుకుని, ఆర్డరు చెప్పాక ‘అది లేదు సార్, తీసేశారు’ అని సర్వర్ నోట వినడం వేరు, పదిహేను రోజుల ముందే వినడం వేరు. ఆ ఆరు కుటుంబాలు ఎవరో మాకు బిల్లుల్లో తెలిసిపోయింది కదా. వాళ్ళు తెప్పించుకున్నప్పుడల్లా సర్వర్ ఒక్క మాట చెప్పేవాడు: ‘మాస్టారూ, మెంతాకు ముదిరిపోతోందండి. ఇది ఈ నెలాఖరుదాకానే. మళ్ళీ కార్తీకం వెళ్ళాక పెడతాం.’ కారణం ఉంది, గడువు ఉంది, తిరిగొచ్చే మాట ఉంది. ఆ మాట నిజమైతేనే చెప్పాలి. తిరిగి పెట్టే ఉద్దేశం లేని దానికి ‘సీజన్ అయిపోయింది’ అని చెబితే డిసెంబరులో వాళ్ళు వచ్చి అడుగుతారు.

పూర్తిగా తీసేసేదైతే ఇంకో దారి పెట్టుకున్నాం. ముందురోజు ఫోన్ చేసి కనీసం నాలుగు ప్లేట్లు చెబితే వండి ఇస్తాం. నాలుగెందుకంటే, తెచ్చిన సరుకు అంతకు తక్కువైతే మిగిలిపోతుంది. చాలామంది ఒక్కసారి తెప్పించుకుని ఊరుకుంటారు. అడిగితే దొరుకుతుందన్న ధీమాయే వాళ్ళకు కావాల్సింది. ఆ ఆరు కుటుంబాల్లో ఐదు ఆ వేసవంతా వస్తూనే ఉన్నాయి. ఆరోది రాలేదు. మెంతికూర వల్లో, వేరే ఊరు మారారో నాకు తెలియదు.

ఇంత జాగ్రత్తగా మెంతికూరను సాగనంపిన మేం అదే వారం ఇంకొకటి చప్పుడు లేకుండా తీసేశాం. భోజనంలో పెరుగన్నం వేళకు వేసే ఊరమిరపకాయ. దానికి ధర లేదు, కార్డులో పేరు లేదు. నిరుటి కాయలు అయిపోయాయి, కొత్తవి ఇంకా ఎండలేదు, ఓ నెల అప్పడంతో నడుపుదాం అనుకున్నాం. భోజనానికి రూపాయి కూడా కలిసిరాలేదు. మూడు రోజుల్లో మెంతికూర గురించి ఒక్కరూ అడగలేదు, ఊరమిరపకాయ గురించి పదిహేడుమంది అడిగారు. అంతకు ముందు ఏడాది భోజనానికి పది రూపాయిలు పెంచినప్పుడు కూడా అంతమంది అడగలేదు. రోజూ మూలబల్ల దగ్గర కూర్చునే రిటైర్డ్ మాస్టారు ఒకరు పెరుగన్నం కలుపుకుని, చెయ్యి ఆపి, వంటింటి వైపు చూస్తూ కూర్చున్నారు. అడగలేదు. నాలుగోరోజు పొద్దున్నే నేను ఒక దుకాణంలో రెండు కిలోలు ఎక్కువ ధరకు కొనుక్కొచ్చాను. ఇప్పుడు మెనూ మార్చేటప్పుడు ధర లేని వాటికి కూడా ఒక జాబితా రాసుకుంటాం: కందిపొడి, ఊరమిరపకాయ, అప్పడం, చివర్లో ఇచ్చే కిళ్ళీ. ఆ జాబితాలో గీత కొట్టాలంటే మాస్టర్ సంతకం, నా సంతకం రెండూ ఉండాలి.